ఛాతీ మీద ఎకో బాగానే ఉందన్నారు, మళ్ళీ గొంతులోంచి ఎకో ఎందుకంటారు?

రవళి
అందరికీ నమస్తే. మా అమ్మకి 67 ఏళ్ళు, బీపీ ఉంది. రెండు నెలలుగా గుండె దడ, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు, గుండె లయ తప్పి కొట్టుకుంటోందట, నాడి 130 దాకా ఉంది. ఛాతీ మీద జెల్ రాసి ఎకో తీశారు. పంపింగ్ 60 శాతం, వాల్వులు బాగున్నాయి, గడ్డలు ఏమీ కనబడలేదు అని రిపోర్టులో రాశారు, ఎడమ పై గది మాత్రం కొంచెం పెద్దదయిందట. ఇప్పుడు కరెంట్ షాక్ ఇచ్చి లయ సరిచేద్దాం, కానీ దానికి ముందు గొట్టం మింగించి ఇంకో ఎకో తీయాలి, టీఈఈ అంటారు దాన్ని అని చెప్పారు. మా అమ్మకి పెద్ద మాత్ర మింగాలంటేనే భయం. గడ్డ లేదని ఒకసారి రాసిచ్చాక మళ్ళీ ఇదంతా ఎందుకు? నిజంగా అవసరమేనా, లేక బిల్లు పెంచడానికి ఇంకో పరీక్షా?

శీను_సందేహాలు
మా బాబాయికి కూడా గ్యాస్ ప్రాబ్లమ్‌కి గొట్టం మింగించి చూశారండీ, ఐదు నిమిషాల్లో అయిపోయింది. మీ అమ్మగారికి కూడా కడుపులో పుండు ఏమైనా ఉందని అనుమానమేమో, షాక్ ఇచ్చే ముందు చూసుకుంటారు కాబోలు. ఎలాగూ గొట్టం వేస్తున్నారు కాబట్టి రెండూ ఒకేసారి చూసేయమని అడగండి.

రవళి
కడుపు గురించి ఎవరూ ఏమీ అనలేదండీ. గుండె కోసమే అన్నారు.

ఎకో_గది
పద్నాలుగేళ్ళుగా రోజూ ఎకోలు తీస్తున్నాను, అందుకని కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

రవళి గారూ, మీ రిపోర్టులో "గడ్డలు కనబడలేదు" అని ఉంది చూశారా, దానికీ "గడ్డలు లేవు" అనడానికీ చాలా తేడా ఉంది. ఛాతీ మీద పెట్టే ప్రోబ్ పంపే శబ్ద తరంగాలు చర్మం, కొవ్వు, పక్కటెముకల సందు దాటుకుని లోపలికి వెళ్ళాలి. ఊపిరితిత్తి అడ్డొచ్చిందంటే అక్కడితో ఆగిపోయినట్టే, గాలిలోంచి ఈ తరంగాలు సాగవు. అన్నీ దాటినా మొదట తగిలేది గుండె ముందు భాగం. ఎడమ పై గది అన్నిటికంటే వెనక, వెన్నెముక వైపు ఉంటుంది. ప్రోబ్ పెట్టిన చోటు నుంచి పది సెంటీమీటర్లో ఇంకా ఎక్కువో లోతున. అంత లోతు వెళ్ళాలంటే 2 నుంచి 4 మెగాహెర్ట్జ్ తక్కువ ఫ్రీక్వెన్సీ వాడాలి, తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది కానీ బొమ్మ మొద్దుగా వస్తుంది.

మనకి కావల్సింది ఆ వెనక గదిలో కూడా ఒక మూల. ఆ గదికి పక్కన చిన్న జేబులాంటిది వేలాడుతూ ఉంటుంది, అపెండేజ్ అంటాం. చెవి తమ్మెలా ఉంటుంది. బళ్ళో చదివిన "కర్ణిక" అన్న మాటలోనే చెవి ఉంది కదా, అది గుర్తుపెట్టుకోండి. లయ బాగున్నప్పుడు ఈ జేబు ప్రతి కొట్టుకోడానికీ ముడుచుకుని రక్తాన్ని బయటికి తోసేస్తుంది. ఫిబ్రిలేషన్‌లో ముడుచుకోదు, వణుకుతుంది అంతే. రక్తం అక్కడ నిలవ ఉండిపోతుంది, నిలవున్న రక్తం గడ్డకడుతుంది. వాల్వు జబ్బు లేని ఫిబ్రిలేషన్‌లో ఆ గదిలో దొరికే గడ్డల్లో పదింట తొమ్మిది ఈ జేబులోనే దొరుకుతాయి. ఛాతీ ఎకోలో సరిగ్గా ఆ మూలే కనబడదు.

ఇక మింగడం ఎందుకంటే, అన్నవాహిక సరిగ్గా ఆ ఎడమ పై గదికి వెనక ఆనుకుని దిగుతుంది. మధ్యలో ఎముక లేదు, ఊపిరితిత్తి లేదు, కొన్ని మిల్లీమీటర్ల కండ గోడ మాత్రమే. ప్రోబ్‌ని అక్కడికి చేర్చితే 5 నుంచి 7 మెగాహెర్ట్జ్ దాకా ధైర్యంగా వాడొచ్చు, ఎందుకంటే దూరం పోనక్కర్లేదు. ఇంటి ముందు రోడ్డు మీద నిలబడి పెరట్లో ఏముందో చూడటానికీ, పెరటి గోడ ఎక్కి చూడటానికీ ఉన్నంత తేడా.

శీను గారూ, బాబాయి గారికి చేసింది ఎండోస్కోపీ. దానికి కెమెరా, లైటు ఉంటాయి, అది అన్నవాహిక లోపలి గోడని చూస్తుంది. టీఈఈ ప్రోబ్‌కి కన్ను లేదు. గోడ అవతల ఉన్న గుండెని మాత్రమే చూడగలదు. తను ఏ దారిలో దిగుతోందో కూడా దానికి కనిపించదు, అందుకే రెండూ కలిపి చేయరు. రవళి గారిని ఒక మాట అడగాలి కూడా. అమ్మగారికి మాత్ర అంటే భయమా, లేక తిన్నది నిజంగానే ఛాతీలో ఆగినట్టు అనిపిస్తుందా?

రవళి
చాలా థాంక్స్ అండీ, "కనబడలేదు"కీ "లేదు"కీ తేడా అని ఎవరూ చెప్పలేదు. తిండి ఆగడం లాంటిది ఏమీ లేదు, మామూలుగానే తింటుంది. పెద్ద మాత్రలు చూస్తే గొంతు బిగుసుకుపోతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఎందుకు అడిగారు?

ఎకో_గది
ప్రోబ్ గుడ్డిగా దిగుతుంది కాబట్టి. అన్నవాహిక ఎక్కడైనా సన్నబడి ఉన్నా, లోపల పుండో గడ్డో సంచిలాంటిదో ఉన్నా, ఈ మధ్య రక్తపు వాంతులు అయినా, లివర్ జబ్బుతో అక్కడ సిరలు ఉబ్బి ఉన్నా, తోసినప్పుడు గోడ చిరిగే ప్రమాదం ఉంది. చాలా అరుదు, వెయ్యిమందిలో ఒక్కరికి కూడా రాదు, కానీ వస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఈ ప్రశ్న అడగకుండా ప్రోబ్ ముట్టుకోకూడదు. "మింగడానికి ఇబ్బంది ఉందా" అని అడిగితే చాలామంది "లేదు" అనేస్తారు. "ఘనమైన పదార్థం తింటే నీళ్ళు తాగి దింపుకోవాల్సి వస్తుందా" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. మీ అమ్మగారిది భయమే అనిపిస్తోంది, అయినా ఈ విషయం అక్కడి డాక్టర్‌కి ముందే చెప్పండి.

కిట్టు
ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఏంటంటే ఛాతీ ఎకో అనేది టైమ్ వేస్ట్. గొంతులోంచి అంత క్లియర్‌గా కనబడుతున్నప్పుడు మొదటే అది చేస్తే పోయేది కదా. రెండు పరీక్షలు, రెండు టెన్షన్లు. ఇంకోటి, టీఈఈలో గడ్డ లేదని తేలితే ఇక రక్తం పలుచన చేసే మాత్రలు కూడా మానేయొచ్చు, మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న అలాగే మానేశారు.

ఎకో_గది
కిట్టు గారూ, మొదటిది సగం నిజం, రెండోది మాత్రం ప్రమాదం.

గొంతులోంచి చూస్తే వెనక ఉన్నవి బాగా కనిపిస్తాయి, అది నిజమే. మరి ముందు ఉన్నవో? ఎడమ కింది గది కొస, అంటే గుండె మొన, టీఈఈకి చాలా దూరం. గుండెపోటు తర్వాత ఆ మొనలో కట్టే గడ్డ ఛాతీ ఎకోలోనే బాగా దొరుకుతుంది, టీఈఈలో ఆ మొన కోసుకుపోయి చూపుకి అందదు. అయోర్టిక్ వాల్వు సన్నబడితే దాంట్లోంచి రక్తం ఎంత వేగంగా దూకుతుందో కొలవాలి. ఆ కొలత సరిగ్గా రావాలంటే ధారకి ఎదురుగా నిలబడాలి, అది ఛాతీ మీంచి సులువు. మనిషి మెలకువగా, మత్తు లేకుండా ఉన్నప్పుడు గుండె మామూలుగా ఎలా పనిచేస్తుందో కూడా దాంట్లోనే తెలుస్తుంది. మహాధమని పైకి వంపు తిరిగేచోట కొంత భాగం టీఈఈకి అసలు కనబడదు, మధ్యలో శ్వాసనాళం అడ్డం, అందులో ఉన్నది గాలి కదా. కాబట్టి మొదట ఛాతీ ఎకో, దానికి జవాబు దొరకని ప్రశ్న మిగిలితే అప్పుడు టీఈఈ. రవళి గారి విషయంలో ఛాతీ ఎకో తన పని తను చేసింది, వాల్వులు బాగున్నాయని చెప్పింది, గది పెద్దదయిందని చెప్పింది. జేబు సంగతి దాన్ని అడగకూడదు.

రెండో సంగతి. షాక్ ఇచ్చాక లయ వెంటనే సరవుతుంది, ఈసీజీలో కళ్ళముందే కనిపిస్తుంది. కానీ ఆ పై గది కండ వెంటనే మేలుకోదు. చాలా రోజులు, ఒక్కోసారి వారాలు స్తంభించినట్టు ఉంటుంది, కరెంటుకి లయ వచ్చింది కానీ పిండే బలం రాలేదు. ఆ రోజుల్లో కొత్త గడ్డ కట్టొచ్చు. అందుకే టీఈఈ ఎంత శుభ్రంగా ఉన్నా షాక్ తర్వాత కనీసం 4 వారాలు మాత్ర తప్పదు. 67 ఏళ్ళు, పైగా బీపీ ఉన్నవాళ్ళకి అయితే ఆ తర్వాత కూడా మాత్ర కొనసాగించమనే అంటారు, లయ సరయినా సరే.

కిట్టు
సరే సరే, ఆయన ఎందుకు మానేశారో నాకు తెలియదు. కానీ ఛాతీ ఎకో గురించి నా అభిప్రాయం ఇంకా కొంచెం అలాగే ఉంది 😄

వాల్వు_మనిషి
మధ్యలో దూరుతున్నాను. నాకు ఎడమవైపు మైట్రల్ వాల్వు స్థానంలో లోహపు వాల్వు ఉంది. ఒకసారి 12 రోజులు జ్వరం తగ్గలేదు, సాయంత్రం అయితే వణుకు. ఛాతీ ఎకో రెండుసార్లు తీశారు, రెండుసార్లూ వాల్వు బాగుందన్నారు. మూడోసారి టీఈఈ తీస్తే వాల్వు వెనక వైపు 8 మిల్లీమీటర్ల మచ్చ ఒకటి జెండాలా ఊగుతోంది. ఇన్ఫెక్షన్. ఆరు వారాలు నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు. రెండుసార్లు బాగుందని పంపేశారే అని అప్పట్లో చాలా కోపం వచ్చింది నాకు, మొదటి వారంలోనే టీఈఈ చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా.

ఎకో_గది
మీ కోపం న్యాయమే అండీ. లోహపు వాల్వు ఉండి, తగ్గని జ్వరం ఉంటే ఛాతీ ఎకో బాగుందన్న మాట పట్టుకుని కూర్చోకూడదు. లోహం మీద తరంగం పడితే వెనక్కి తిరిగొచ్చేస్తుంది, దాని అవతల అంతా నల్లని నీడ. ఛాతీ మీంచి చూస్తే ఆ నీడ వెళ్ళి పడేది ఎడమ పై గది మీద, మీ మచ్చ ఉన్నది సరిగ్గా ఆ నీడలో. గొంతులోంచి చూస్తే నీడ అటు తిరిగి కింది గది వైపు పడుతుంది, మచ్చ ఇవతల వెలుతురులోకి వస్తుంది. అంటే ఏ వైపు నుంచి చూసినా నీడ ఉంటుంది, ఎటు పడుతుంది అన్నదే ప్రశ్న. మీలాంటి వాల్వులకి అందుకే రెండు వైపుల నుంచీ చూస్తాం. ఒక్కోసారి జబ్బు మొదట్లో టీఈఈలో కూడా మచ్చ దొరకదు. అనుమానం గట్టిగా ఉంటే ఐదారు రోజులు ఆగి మళ్ళీ తీస్తాం.

మాధవి_నర్స్
నేను ఈ పరీక్ష దగ్గర పేషెంట్ చెయ్యి పట్టుకుని నిలబడే మనిషిని, రవళి గారి అమ్మగారి భయం గురించి చెప్తాను.

ప్రోబ్ నల్లగా, మెత్తగా వంగే గొట్టం, చిటికెన వేలంత లావు ఉంటుంది, కొస ఇంకొంచెం లావు. మీద సెంటీమీటర్ల గీతలు ఉంటాయి. పిడి దగ్గర రెండు చక్రాలు, తిప్పితే కొస వంగుతుంది. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. కట్టుడు పళ్ళు ఉంటే తీసేయాలి, వదులుగా కదిలే పన్ను ఉంటే చెప్పాలి. ముందు గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొడతాం, చేదుగా ఉంటుంది. రెండు నిమిషాల్లో గొంతు మొద్దుబారి, నాలుక లావైపోయినట్టు, ఉమ్మి మింగలేనట్టు అనిపిస్తుంది. చాలామంది కంగారు పడేది ఇక్కడే, ఊపిరి ఆడట్లేదేమో అనుకుంటారు. ఊపిరి బాగానే ఆడుతుంది, స్పర్శ మాత్రమే పోయింది. ఇది ముందే చెప్తే సగం భయం పోతుంది.

తర్వాత ఎడమవైపుకి తిప్పి పడుకోబెడతాం, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెడతాం, నరానికి కొద్దిగా మిడజోలామ్. పూర్తి మత్తు కాదు, పిలిస్తే పలుకుతారు. గడ్డం ఛాతీకి ఆనించి, "గుటక వేయండమ్మా" అనగానే గుటక వేస్తే చాలు, ఆ గుటకతోనే దిగిపోతుంది. అడ్డం తగిలితే తోయరు, వెనక్కి తీసి మళ్ళీ ప్రయత్నిస్తారు. ఒకసారి ఓకరింత వస్తుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. దిగాక ఉమ్మి మింగకుండా మూతి పక్కనుంచి కారనివ్వమంటాం, నేను గుడ్డ పెట్టి తుడుస్తూ ఉంటాను, సక్షన్ కూడా ఉంటుంది. అక్కడ సిగ్గుపడక్కర్లేదు. పది, ఇరవై నిమిషాల పని. మత్తువల్ల చాలామందికి తర్వాత ఏమీ గుర్తుండదు, "ఎప్పుడు మొదలుపెడతారు" అని అడిగిన ఆవిడ కూడా ఉన్నారు.

అయ్యాక గొంతు మొద్దు వదిలేదాకా, గంటో రెండు గంటలో, చుక్క నీళ్ళు కూడా ఇవ్వకండి. స్పర్శ రాకముందు తాగితే పొలమారి ఊపిరితిత్తిలోకి పోతుంది. మొదట ఒక గుక్క నీళ్ళు, అది సరిగ్గా దిగితేనే తిండి. ఆ రోజు బండి నడపకూడదు. గొంతు ఒకటి రెండు రోజులు గరగరలాడుతుంది, అది మామూలే. కానీ మెడలోనో ఛాతీలోనో నొప్పి పెరుగుతూ పోతున్నా, జ్వరం వచ్చినా, రక్తం పడినా, మెడ మీద చర్మం నొక్కితే చిటపటలాడినా రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే రావాలి.

రవళి
మాధవి గారూ, ఇది అమ్మకి చదివి వినిపించాను. మూతి పక్కనుంచి కారనివ్వమనడం విని నవ్వింది. ఎకో_గది గారూ, ఒక సందేహం. అసలు షాకే ఇప్పుడు ఎందుకు, మాత్రలు కొన్నాళ్ళు వేసి చూస్తే గొట్టం తప్పుతుంది కదా? రక్తం పలుచన చేసే మాత్ర మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది, మధ్యలో రెండు పూటలు మరిచిపోయింది. అది రేపటి కోసం ఆపాలా?

ఎకో_గది
ఆపకండి. టీఈఈ కోసం ఆ మాత్ర ఆపరు, వేసుకుంటూనే చేస్తారు, ఇందులో కోసేది ఏమీ లేదు కదా.

గొట్టం తప్పించే దారి ఉంది. మూడు వారాలు ఒక్క పూట కూడా తప్పకుండా మాత్ర వేసుకుంటే టీఈఈ లేకుండానే షాక్ ఇవ్వొచ్చు. పూటలు తప్పితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, మీ అమ్మగారి లెక్క అలా చెదిరింది. రెండో దారి, టీఈఈతో జేబు శుభ్రంగా ఉందని చూసుకుని అదే రోజు షాక్ ఇవ్వడం. 2001లో ఈ రెండు దారుల్నీ పోల్చి 1,222 మంది మీద అక్యూట్ అనే అధ్యయనం వచ్చింది, పక్షవాతాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఇది ప్రాణం పోయే తొందర కాదు, నాడి 130 కొడుతూ ఆయాసపడుతున్న మనిషిని ఇంకో నెల అలా ఉంచాలా వద్దా అన్న లెక్క. మొదలై ఒకటి రెండు రోజులు కూడా కాని ఫిబ్రిలేషన్ అయితే కథ వేరు. మీది రెండు నెలలది, కాబట్టి చూడకుండా షాక్ ఇవ్వడం మాత్రం కుదరదు. లోపల గడ్డ ఉండగా లయ సరయి ఆ జేబు ముడుచుకుందంటే గడ్డ ఊడి మెదడుకి పోవచ్చు.

రవళి
నిన్న అయింది. కాస్త గజిబిజిగా రాస్తున్నాను, క్షమించండి. గొట్టం మొదటిసారి దిగలేదు, రెండోసారి గుటకకి దిగింది. పదిహేను నిమిషాలు. కానీ షాక్ ఇవ్వలేదు! బయటికొచ్చి "జేబులో 11 మిల్లీమీటర్ల గడ్డ ఉంది, గది అంతా పొగలా తిరుగుతోంది, వేగం సెకనుకి 15 సెంటీమీటర్లు" అన్నారు. నాడి తగ్గించే మాత్ర ఇచ్చి, పలుచన చేసే మాత్ర కొనసాగించి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ టీఈఈ అన్నారు. అమ్మ అంత కష్టపడింది, పని మాత్రం కాలేదు. పొగ అంటే ఏంటండీ, వినగానే గుండె జారిపోయింది.

ఎకో_గది
పని కాలేదనకండి, ఛాతీ ఎకో రిపోర్టు నమ్మి షాక్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఒకసారి ఆలోచించండి.

పొగ అన్నది మేం రోజూ వాడే మాటే, భయపెట్టడానికి అన్నది కాదు. రక్తం చురుగ్గా పారుతుంటే తెర మీద నల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. నెమ్మదిస్తే ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని దొంతర్లుగా కడతాయి, అప్పుడు తరంగాలు వాటి మీద పడి వెనక్కొస్తాయి, అగరుపొగ సుడులు తిరిగినట్టు కనిపిస్తుంది. గడ్డ కాదు, గడ్డకి ముందు దశ అనుకోండి. వేగం అంటే ఆ జేబులోంచి రక్తం బయటికొచ్చే వేగం. 20 కన్నా తగ్గితే అక్కడ గడ్డ కట్టే అవకాశం బాగా పెరుగుతుంది, మీది 15. పొగ, వేగం, గడ్డ మూడూ ఒకే కథ చెప్తున్నాయి, అందుకే నాకు ఆ గడ్డ నిజమే అనిపిస్తోంది. విడిగా మచ్చ ఒక్కటే కనిపించి, వేగం 50 ఉంటే నేను ఇంకోసారి అనుమానంగా చూసేవాడిని.

కిట్టు
అంటే గడ్డ కానిది కూడా గడ్డలా కనిపిస్తుందా?

ఎకో_గది
బాగా అడిగారు. ఆ జేబు లోపలి గోడ నున్నగా ఉండదు, దువ్వెన పళ్ళలా కండ గీతలు ఉంటాయి, అడ్డంగా కోస్తే ఒక్కో పన్ను చిన్న గడ్డలా కనిపిస్తుంది. జేబుకీ పక్కన ఊపిరితిత్తి నుంచి వచ్చే సిరకీ మధ్య ఒక గట్టు ఉంటుంది, కొసన ఉబ్బుగా. ఒకప్పుడు దాన్ని చూసి గడ్డ అనుకుని మందు మొదలుపెట్టేవాళ్ళు, అందుకే దానికి "కౌమడిన్ గట్టు" అని పేరు పడింది, కౌమడిన్ అంటే రక్తం పలుచన చేసే ఆ పాత మందే. తేడా పట్టుకునేది ఎలాగంటే, ప్రోబ్ కదపకుండా బీమ్‌ని 0 నుంచి 180 డిగ్రీల దాకా తిప్పుతూ ఆ జేబుని అన్ని కోణాల్లోనూ చూస్తాం. కండ గీత అయితే కోణం మారేకొద్దీ సాగి గోడలో కలిసిపోతుంది, గోడతో పాటే కదులుతుంది. గడ్డ అయితే ఏ కోణంలోనైనా గుండ్రంగానే ఉండి, ఒక్కోసారి తనంతట తను ఊగుతుంది. ఒక్క కోణంలో చూసి రాసిన రిపోర్టుని నేను నమ్మను, మా గదిలో రాసిందైనా సరే.

వాల్వు_మనిషి
రవళి గారూ, నా అనుభవంతో చెప్తున్నా, మాత్ర ఫోన్‌లో అలారం పెట్టి వేయించండి. రెండు పూటలు మరిచిపోయారన్నారు కదా, నాకు అదే దిగులుగా ఉంది.

శీను_సందేహాలు
మళ్ళీ గొట్టం మింగకుండా సీటీ స్కాన్‌లో ఆ జేబు కనబడదా? నాకు తెలిసినాయనకి గుండెకి సీటీ తీశారు.

ఎకో_గది
ఈసారి మీ ప్రశ్న సరిగ్గా తగిలింది శీను గారూ. కనబడుతుంది. కానీ సీటీ కోసం నరానికి ఎక్కించే రంగు మందు నెమ్మదిగా పారే రక్తంలోకి చేరకపోతే సీటీలో కూడా ఆ జేబు నల్లగా, గడ్డ ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే నిమిషం ఆగి రెండోసారి తీయాలి, అప్పటికీ నిండకపోతే గడ్డ అనుకోవాలి. మూత్రపిండాలు బాగుండాలి, నాడి మరీ వేగంగా ఉండకూడదు. మింగలేని వాళ్ళకి మంచి దారి. మళ్ళీ టీఈఈ చేయాలా, సీటీ చాలా అన్న దాంట్లో డాక్టర్ల మధ్యే ఒక మాట లేదు. నేనైతే మొదట దేంతో చూశానో దాంతోనే పోల్చుకుంటాను.

మాధవి_నర్స్
నేను ఒప్పుకోను సార్ 🙂 మొదటిసారి బాగా ఇబ్బంది పడ్డవాళ్ళని రెండోసారి టేబుల్ మీద పడుకోబెట్టేది నేను. వీలైతే సీటీయే నయం.

రవళి
ఆరు వారాల తర్వాత వచ్చాను. అలారం పెట్టి ఒక్క పూట కూడా తప్పకుండా వేయించాను. నాడి 84కి వచ్చింది, ఆయాసం చాలా తగ్గింది. నిన్న మళ్ళీ టీఈఈనే చేశారు, ఈసారి అమ్మ మొదటి గుటకకే దింపేసింది. గడ్డ 11 నుంచి 4 మిల్లీమీటర్లకి వచ్చిందన్నారు. కానీ చేసిన డాక్టర్ అది మిగిలిన గడ్డ అంటున్నారు, పక్కనున్న పెద్ద డాక్టర్ కండ గీత అంటున్నారు. వేగం 28. షాక్ మళ్ళీ వాయిదా, ఇంకో నాలుగు వారాలు మాత్రలు, తర్వాత సీటీ. అమ్మేమో "ఇప్పుడు బాగానే నడుస్తున్నానుగా, ఇక ఆ షాక్ ఎందుకే" అంటోంది.

ఎకో_గది
ఆ 4 మిల్లీమీటర్ల మచ్చ ఎన్ని కోణాల్లో కనిపించిందో అడిగారా? 0 దగ్గరా, 90 దగ్గరా, 135 దగ్గరా బొమ్మలు దాచి ఉంటారు, సీడీ తీసుకోండి. ఇక అమ్మగారి ప్రశ్న నిజంగానే అడగాల్సిన ప్రశ్న. నాడి అదుపులో ఉండి, ఆయాసం లేకపోతే లయ సరిచేయకుండా అలాగే ఉండిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు, మాత్ర మాత్రం మానకూడదు. ఇటువైపా అటువైపా అన్నది ఆవిడకి నిజంగా ఎంత సుఖంగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది, మెట్లెక్కించి చూడండి.

రవళి
సీడీ ఇచ్చారు. మెట్లు ఇందాకే ఎక్కించాను. రెండు అంతస్తులు ఎక్కింది, పైన నిలబడి కొంచెం ఆయాసపడింది, "ఇది వయసే" అంటోంది. నాకు మాత్రం ఏమీ తేలలేదు.